నాలుగో నంబరు లింకరు

సాయిదుర్గ తన బల్ల దగ్గర నిలబడితే అద్దం గోడ అవతల నాగభూషణరావు గారి గదిలోని ఆకుపచ్చ బీరువా కనిపించేది. దాని పై అరలో ఒక గోధుమరంగు కవరు ఉంది. ఆమె పదో తరగతి మార్కుల జాబితా నుంచి ఎమ్మెస్సీ పట్టా దాకా అన్నీ అందులోనే. ఉద్యోగంలో చేరిన రోజున తనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చింది. మూడేళ్లు పనిచేస్తానని సంతకం పెట్టింది. మూడేళ్లూ అసలు కాగితాలు ల్యాబులోనే ఉండాలన్నది అందులో ఒక షరతు. అప్పటికి అది పెద్ద విషయంగా అనిపించలేదు. బందరు నుంచి పొద్దున్నే పాసింజరెక్కితే గుడివాడలో దిగి నడిచిపోయేంత దగ్గర్లో, చదివిన చదువుకు తగ్గ ఉద్యోగం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

రెండేళ్ల నాలుగు నెలలకు విశాఖపట్నంలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. జూన్ ఇరవై ఎనిమిదిన చేరాలి. అసలు కాగితాలు చూపించకపోతే సీటు ఇంకొకరికి వెళ్తుంది.

జూన్ నాలుగున ఆ సంగతి చెప్పినప్పుడు నాగభూషణరావు గారు కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసి, రిటైరై, సొంత ఊళ్లో రొయ్యల మేత దుకాణం పైన ఈ ల్యాబు పెట్టుకున్నారు. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్‌ను చెరువు గట్టు మీదే పట్టిచ్చే చిన్న పట్టీ ఒకటి తయారు చేయాలన్నది ఆయన కోరిక. కళ్లజోడు తీసి తుడుచుకుని అన్నారు.

"ఇంతకుముందు ఇద్దరు ఇలాగే మధ్యలో వెళ్లిపోయారమ్మాయ్. వాళ్లు మొదలెట్టినవి ఇప్పటికీ ఫ్రీజర్లో ఉన్నాయి, ఏ గొట్టంలో ఏముందో దేవుడికి తెలియాలి. నువ్వు మూడు ముక్కల నిర్మాణం పూర్తి చెయ్యి. సరిగ్గా ఉందని, అక్షరం అక్షరం చదివిన సీక్వెన్సింగ్ కాగితం నా బల్ల మీద పెట్టు. నీ కవరు నువ్వు తీసుకెళ్లు."

"ఇరవై ఎనిమిదిలోపా సార్?"

"తారీకు నీది. నాది కాదు."

ఆ నిర్మాణం చెప్పడానికి తేలిక. వైరస్ పై పొరలో ఉండే మూడు ప్రోటీన్ల జన్యువుల నుంచి ఒక్కో ముక్క తీసుకుని, వరసగా కలిపి, ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏలో పెట్టాలి. దాన్ని బ్యాక్టీరియాలోకి పంపితే మూడూ కలిసిన ఒకే ప్రోటీన్ తయారవుతుంది. వ్యాధి ముదరకముందే పట్టుకోవడానికి పనికొస్తుందని సార్ ఆశ పెట్టుకున్నది మధ్య ముక్క మీద.

కలపడం ఎలాగన్నదే పేచీ. సార్‌ది కత్తెర పద్ధతి. రిస్ట్రిక్షన్ ఎంజైము ఒక్కొక్కటీ తనకు తెలిసిన ఆరు అక్షరాలు కనిపించినచోట డీఎన్ఏని కోస్తుంది. ఒకే ఎంజైము కోసిన కొసలు ఒకదానితో ఒకటి అమరుతాయి, లైగేస్ అనే ఇంకో ఎంజైము వాటిని అతుకుతుంది. ఒక్కో ముక్కనూ ఇలా ఒక్కో విడతలో చేర్చుకుంటూ పోవాలి. విడతకు వారం, కరెంటు పోయిందంటే ఇంకో నాలుగు రోజులు. అదీగాక మధ్య ముక్క నడిమిన ఎకోఆర్ వన్ అనే ఎంజైము కోసే అక్షరాలున్నాయి, మూడో ముక్కలో ఎక్స్‌హో వన్ కోసేవి ఉన్నాయి. వాటిని వాడితే కొసలతోపాటు ముక్క కూడా రెండవుతుంది.

సాయిదుర్గ రెండో పద్ధతి అడిగింది. ల్యాబులో దాన్ని యాభై డిగ్రీల పద్ధతి అంటారు. ఒక ముక్క చివరి అక్షరాలే పక్క ముక్క మొదట్లోనూ ఉండేలా ముందే ప్రైమర్లు అనే చిన్న డీఎన్ఏ తునకలు రాసుకోవాలి. అన్ని ముక్కలనూ ఒకే గొట్టంలో వేసి యాభై డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే చాలు. ఒక ఎంజైము ప్రతి కొస దగ్గరా రెండు పోగుల్లో ఒకదాన్ని నమిలేస్తుంది. బయటపడిన ఒంటి పోగులు తమ జతను వెతుక్కుని అతుక్కుంటాయి. ఇంకో ఎంజైము ఖాళీలు పూడుస్తుంది, మూడోది కుట్టేస్తుంది. కత్తెర అక్షరాలు ముక్క లోపల ఎక్కడున్నా బాధ లేదు.

"మీ పద్ధతిలో నెలన్నర పడుతుంది సార్. నాకున్నవి ఇరవై నాలుగు రోజులు."

"ఒక్క దెబ్బకి ప్లాస్మిడ్‌తో సహా నాలుగూ కలవాలి. కలవకపోతే ఎక్కడ తప్పిందో నీకూ తెలియదు. నా పద్ధతిలో ప్రతి మెట్టూ కనిపిస్తుంది."

"అన్ని మెట్లెక్కే టైం లేదు సార్."

ఆయన కాసేపు బీరువా వైపు చూశారు. "సరే. కానీ లింకర్లు మన రిజిస్టర్లోవే వాడు. కొత్తవి పెట్టి ప్రయోగాలు చెయ్యకు."

లింకరంటే రెండు ముక్కల మధ్య వేసే చిన్న వంతెన. నలభై అయిదు అక్షరాలు. అటూ ఇటూ ప్రోటీన్లు ఒకదాని మీద ఒకటి పడకుండా విడిగా మడతపడనిస్తుంది. సార్ రిజిస్టర్లో నాలుగో నంబరు లింకరు కింద ఎర్ర గీత ఉంది. పదేళ్లుగా ఈ ల్యాబులో ఏది కలిపినా అదే. సాయిదుర్గ ఇంకో ఆలోచన లేకుండా మొదటి ముక్కకీ రెండో ముక్కకీ మధ్య దాన్నే రాసింది. రెండో ముక్కకీ మూడో ముక్కకీ మధ్య కూడా దాన్నే రాసింది.

హైదరాబాదు నుంచి ప్రైమర్లు పదిన వచ్చాయి. పదమూడున ముక్కలు కలిపి బ్యాక్టీరియాలోకి పంపింది. పద్నాలుగున ప్లేట్ల మీద బ్యాక్టీరియా కాలనీలు చుక్కల్లా వందల్లో లేచాయి.

"చూశావా చెల్లెమ్మా, ఆవాలు చల్లినట్టున్నాయి," అన్నాడు అనిల్ కుమార్. ల్యాబు పెట్టినప్పటి నుంచీ ఉన్న టెక్నీషియన్. ఊరు పెడన, ఇంట్లో అందరూ అచ్చు అద్దకం పనివాళ్లు. "ఇంక వైజాగ్‌లో ఇడ్లీలు బాగుంటాయో లేదో కనుక్కో."

పదిహేనున ఇరవై కాలనీలను పీసీఆర్ చేసి, డీఎన్ఏ పొడవు చూపించే జెల్ మీద పరిగెత్తించింది. అనుకున్నట్టు కలిసి ఉంటే గీత పదహారు వందల అక్షరాల దగ్గర పడాలి. ఇరవైలో ఇరవై గీతలూ పన్నెండు వందల దగ్గర, స్కేలు పెట్టి గీసినట్టు, ఒకే వరసలో పడ్డాయి.

తక్కువైనవి నాలుగు వందలు. అంటే మధ్య ముక్కా, ఒక లింకరూ. అది అర్థం కావడానికి ఆమెకు నిమిషం కూడా పట్టలేదు.

అనిల్ కుమార్ జెల్ ఫొటో చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూశాడు. "మధ్యలోది ఎగిరిపోయిందా?"

"ఎగిరిపోలేదు అన్నయ్యా. దాని అవసరమే పడలేదు. మొదటి ముక్క చివరున్నదీ నాలుగో నంబరే. మూడో ముక్క మొదట్లో ఉన్నదీ నాలుగో నంబరే. ఆ రెండూ నేరుగా కలిసిపోయాయి. మధ్యదాని రెండు కొసలూ ఒకటే, బహుశా తనలో తనే చుట్టుకుపోయి ఉంటుంది."

"మా ఇంట్లో ఇది మామూలే. రెండు అచ్చులకి అంచు ఒకేలా చెక్కామనుకో, కొత్తవాడు మధ్య అచ్చు వదిలేసి మూడోది కొట్టేస్తాడు. చూసేవాడికి గళ్లు కలిసే ఉంటాయి. బట్టే పొట్టిదవుద్ది." ఫొటో తిరిగిచ్చేసి, "మా నాన్నైతే అచ్చు చెక్కినోణ్ణి తిడతాడు, కొట్టినోణ్ణి కాదు," అన్నాడు.

చెక్కింది తనే. లింకరు అమినో ఆమ్లాలు మారకుండా అక్షరాలు మార్చి రాయొచ్చు; ఇందులోని ఒక్కో అమినో ఆమ్లానికి కనీసం నాలుగు రకాల రాతలుంటాయి. రెండో లింకరును అలా రాసుంటే ఏ కొస ఏ కొసకి చెందిందో తేడా తెలిసేది. కత్తెర పద్ధతిలో రెండు ముక్కలు మాత్రమే కలిపే రోజుల్లో ఒకే లింకరు ఉండేది కాబట్టి ఎవరికీ ఆ అవసరం రాలేదు. ఇప్పుడు కొత్త ప్రైమర్లు తెప్పిస్తే ఇరవై రెండో తారీకు. ముక్కలు మళ్లీ చేసి, కలిపి, కాలనీలు లేచేసరికి ఇరవై అయిదు. సీక్వెన్సింగ్‌కి పంపి కాగితం వచ్చేసరికి ఇరవై తొమ్మిది. వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ ఇరవై తొమ్మిదే వచ్చింది.

పని మీద ఏలూరు వెళ్లిన సార్ ఆ మధ్యాహ్నం అక్కణ్నుంచి ఫోన్ చేశారు.

"కాలనీలు బాగా వచ్చాయటగా, అనిల్ చెప్పాడు నిన్న. ఒకటి సీక్వెన్సింగ్‌కి పంపించెయ్యమ్మాయ్. రెండు చివర్లూ చూసుకుని నీ కవరు ఇచ్చేస్తాను."

"సార్..."

"సిగ్నల్ లేదిక్కడ. రేపు సాయంత్రానికి వస్తాను." ఫోన్ కట్టయింది.

రెండు చివర్లూ. ఆయన ఎప్పుడూ అంతే చూస్తారు. ముక్క మొదలు ప్లాస్మిడ్‌తో కలిసినచోట ఒకసారి, ముక్క చివర కలిసినచోట ఒకసారి పెన్సిల్‌తో గీత పెట్టి సంతకం చేసేస్తారు. ఆమె దగ్గరున్న పొట్టి నిర్మాణంలో ఆ రెండు చివర్లూ అక్షరం తేడా లేకుండా సరిగ్గా ఉంటాయి. ఒక్క గొట్టం కొరియర్లో పడేస్తే చాలు, ఇరవై కల్లా కవరు చేతికొస్తుంది. మధ్యలో ఏమీ లేదని ఆయనకు తెలిసేసరికి తను విశాఖపట్నంలో ఉంటుంది.

కొరియర్ కవరు మీద అడ్రసు రాసింది కూడా. తర్వాత దాన్ని సొరుగులో పెట్టి, సొరుగు మూసి, మళ్లీ తెరిచి చూసింది. ల్యాబు కిటికీలు ఏసీ కోసం మేకులు కొట్టి మూసేశారు. కరెంటు పోయి అరగంటయింది. కింద దుకాణంలోంచి మేత వాసన మెట్లెక్కి వస్తోంది. అద్దం అవతల బీరువా.

ఇంటికి వెళ్లాక తల్లి మహాలక్ష్మి ఆమె మొహం చూసి అడిగింది. గిలకలదిండి రేవులో పాతికేళ్లుగా చేపలు అమ్ముతోందామె.

"అయ్యిందా నీ పని?"

"అయినట్టే ఉంది. కాలేదు."

"అసలు నీ కాగితాలు ఆయన బీరువాలో ఎందుకే? నేను ఇన్నేళ్లు యాపారం చేశాను, నా బుట్ట ఒక్కరోజు ఒకళ్ల గుమ్మంలో వదల్లేదు."

"ఉద్యోగాలు అలాగే ఉంటాయమ్మా."

"ఉంటే ఉన్నాయి. నీ మొహం ఎందుకలా ఉంది?"

కృత్తివెన్నులో మేనమామ పెద్దిరాజు కౌలుకు చేస్తున్న రొయ్యల చెరువు పోయిన ఏడు తెల్లమచ్చతో నాలుగు రోజుల్లో ఖాళీ అయింది. ఆ మాట తల్లి అనలేదు. సాయిదుర్గా అనలేదు. కానీ పట్టీ పనిచేస్తుందా అని మామయ్య అడిగిన ప్రతిసారీ మధ్య ముక్క గురించి తనే గొప్పగా చెప్పింది. అది లేని గొట్టాన్ని ఆ పేరుతో పంపడం తన వల్ల కాదని ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడే తేలిపోయింది. అంటే ఇరవై ఎనిమిది కూడా పోయినట్టే.

మర్నాడు రైలు గూడ్లవల్లేరులో క్రాసింగ్ కోసం ఆగిపోయింది. కిటికీ పక్కన కూర్చుని రిజిస్టర్ పేజీ ఫొటో ఫోన్లో తీసి చూస్తోంది, తిట్టుకోవడానికి. నాలుగో నంబరు లింకరు. నలభై అయిదు అక్షరాలు. నడుమ ఆరింటి మీద సార్ చిన్న గడి గీశారు. పక్కన బ్యామ్ హెచ్ వన్ అని రాసి ఉంది.

ఆ లింకరు సార్ కత్తెర రోజుల్లో రాసుకున్నది. దాని కడుపులోనే బ్యామ్ హెచ్ వన్ ఎంజైము కోసే చోటు పెట్టుకున్నారు.

రైలు ఎంతసేపు ఆగిందో ఆమెకు తెలియలేదు. పొట్టి నిర్మాణంలో లింకరు ఒకే ఒక్కటి ఉంది. మిగతా ప్లాస్మిడ్‌లో బ్యామ్ హెచ్ వన్ చోటు లేదు. ముక్కలు పెట్టడానికి కోసి తీసేసిన భాగంతోపాటే అది పోయింది. మూడు ముక్కల్లోనూ లేదు, ఫోన్లోనే రెండుసార్లు వెతికింది. అంటే పొట్టిదాన్ని ఆ ఎంజైముతో కోస్తే సరిగ్గా లింకరు నడుమ, ఒక్కచోటే తెరుచుకుంటుంది. ఫ్రీజర్లో మిగిలిన మధ్య ముక్కకు రెండు వైపులా అదే లింకరు ఉంది. దాన్నీ అదే ఎంజైముతో కోస్తే రెండు కొసలూ ఆ తెరిచినచోట అమరుతాయి. సగం లింకరు ఇటు, సగం అటు కలిసి రెండు వైపులా మళ్లీ నిండు లింకర్లవుతాయి. మూడక్షరాలకో అమినో ఆమ్లం చొప్పున చదివే లెక్క ఎక్కడా తప్పదు.

కొత్త ప్రైమర్లు అక్కర్లేదు. ఎవరి కొరియరూ అక్కర్లేదు.

సార్ ఆ సాయంత్రం వచ్చేసరికి ఆమె జెల్ ఫొటో ఆయన బల్ల మీద పెట్టి ఉంచింది. ఆయన చూశారు.

"పొట్టిగా ఉందే."

"మధ్య ముక్క లేదు సార్. లింకరు రెండుచోట్లా ఒకటే అవడం వల్ల."

"ఆ లింకరు ఎక్కడిది?"

"మీ రిజిస్టర్లోదే సార్. నాలుగో నంబరు."

"నేను దాన్ని ఎప్పుడూ ఒక్కసారే వాడాను," అన్నారాయన, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

"నేను రెండుసార్లు వాడాను. చూసుకోవలసింది నేను." తర్వాత బ్యామ్ హెచ్ వన్ సంగతి చెప్పింది. వింటూ ఆయన పెన్సిల్‌తో కాగితం మీద గుండ్రం గీసి, ఒకచోట తెరిచి, ముక్కను లోపల పెట్టి చూసుకున్నారు.

"తిరగబడి కూర్చోవచ్చు. కొసలు రెండూ ఒకటే కదా."

"సగం తిరగబడతాయి సార్. మొదటి ముక్కలో ఒక ప్రైమరు, మధ్య ముక్కలో ఒకటి పెట్టి పీసీఆర్ చేస్తే ఏవి తిన్నగా ఉన్నాయో తెలుస్తుంది."

"తెరిచింది ముక్క లేకుండానే మూసుకుపోతుంది."

"కొసల మీది ఫాస్ఫేటు తీసేస్తాను. అది లేకపోతే వాటంతటవే అతుక్కోలేవు."

"చివరికి నా కత్తెరకే వచ్చావన్నమాట."

"సగం సార్."

ఆయన నవ్వలేదు గానీ ఫాస్ఫటేస్ సీసా తనే ఫ్రీజర్లోంచి తీసి ఇచ్చారు.

పదిహేడున కోసి, అతికి, బ్యాక్టీరియాలోకి పంపింది. ప్లేట్లు పెట్టిన పావుగంటకు కరెంటు పోయింది. ఇన్వర్టరు ఫ్రీజర్లకే చాలుతుంది, ఇంక్యుబేటరుకు కాదు. "బయటే ముప్ఫై ఏడుంది," అని అనిల్ కుమార్ ప్లేట్లు మేడ మెట్ల మీద నీడలో అట్టపెట్టెలో పెట్టి, లోపల థర్మామీటరు గుచ్చి పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. "గుడివాడ ఎండకి కూడా ఓ ఉద్యోగం ఇప్పించాం."

కాలనీలు ఈసారి పదిహేడే. వాటిలో ముక్క ఎక్కినవి అయిదు. అయిదింటిలో తిన్నగా కూర్చున్నవి రెండు. ఆ రెండింటి నుంచీ ప్లాస్మిడ్ తీసి ఇరవైన పంపింది. రెండు చివర్ల నుంచి చదవమని, మధ్య నుంచి కూడా ఒకసారి చదవమని రాసింది. తర్వాత నాలుగు రోజులు చేయడానికేమీ లేదు. సామాను తుడిచింది. గొట్టాల మీద పేర్లు మళ్లీ రాసింది. రెండు చోట్ల ఒకే లింకరు ఉన్నది మధ్య ముక్కను జారవిడవకుండా బ్యాక్టీరియాలో నిలుస్తుందా అన్న కొత్త భయం ఒకటి పట్టుకుంది. నలభై అయిదు అక్షరాలకి అంత ప్రమాదం లేదని చదివింది. చదివాక కూడా భయం పోలేదు.

ఇరవై నాలుగు సాయంత్రం ఫైళ్లు వచ్చాయి. రెండింటిలో ఒకదాంట్లో మధ్య ముక్కలో ఒక అక్షరం మారింది. రెండోది శుభ్రంగా ఉంది.

ఇరవై అయిదు పొద్దున్న మూడు కాగితాలు తీసుకుని అద్దం గది తలుపు తట్టింది. నాగభూషణరావు గారు మొదటి కాగితం మీద ఒక గీత పెట్టారు. మూడో కాగితం మీద ఒక గీత పెట్టారు. "మొదలు సరే. చివర సరే," అని జేబులోంచి తాళాలగుత్తి తీసి, లేచి, బీరువా తెరిచారు. గోధుమరంగు కవర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆమెది తీసి ముందుకు చాపారు.

సాయిదుర్గ చెయ్యి చాపలేదు.

"మధ్య కాగితం చూడలేదు సార్."

"నువ్వు చూశావుగా."

"పోయినసారి కూడా మొదలూ చివరా సరిగ్గానే ఉన్నాయి సార్. అది పంపించినా మీరు సంతకం పెట్టేవాళ్లు."

ఆయన ఆమె వైపు చూశారు. కవరు బల్ల మీద పెట్టి, కూర్చుని, కళ్లజోడు సరిచేసుకుని రెండో కాగితం ముందుకు లాక్కున్నారు. పెన్సిల్ మొనతో ఒక్కో మూడక్షరాలూ తడుముతూ పోయారు. మొదటి లింకరు దగ్గర గీత. మధ్య ముక్క. ఫ్యాను ఆగిపోయింది, కరెంటు పోయినట్టుంది. కాగితం తీసుకుని కిటికీ వెలుతురులోకి వెళ్లి నిలబడే చదివారు. బీరువా తలుపు తెరిచే ఉంది. ఆమె నిలబడే ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది.

"ఇదిగో రెండో లింకరు," అని ఇంకో గీత పెట్టి, సంతకం చేశారు. "రిజిస్టర్ తీసుకురా."

నాలుగో నంబరు కింద, ఎర్ర గీత పక్కనే రాశారు: ఒక నిర్మాణంలో ఒక్కసారే. యాభై డిగ్రీల పద్ధతిలో రెండోచోట కావాలంటే అక్షరాలు మార్చి రాయాలి. తారీకు వేసి కలం ఆమెకిచ్చారు. "నువ్వూ పెట్టు సంతకం."

పెట్టింది. కవరు తీసుకుని, అక్కడే తెరిచి, పదో తరగతి నుంచి ఒక్కొక్కటే చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఆయన బీరువా తలుపు మూస్తుంటే పై అరలో చిట్టచివరి కవరు కనిపించింది. ఏళ్ల తరబడి ఉండి వెలిసి తెల్లబడింది. మీద అనిల్ కుమార్ అని రాసి ఉంది.

బయటికొచ్చేసరికి అతను గొట్టాలు కడుగుతున్నాడు.

"అన్నయ్యా, నీ కవరు ఇంకా లోపలే ఉంది."

"ఉండనీ చెల్లెమ్మా. మా ఇంట్లోనైతే ఈపాటికి చెదలు తినేసేవి." గొట్టాలు దులిపి స్టాండులో బోర్లించాడు. కాసేపటికి, ఆమె వైపు చూడకుండా అడిగాడు. "ఆ యాభై డిగ్రీల మందు ఫ్రీజర్లో ఇంకా నాలుగుసార్లకి మిగిలింది. నువ్వెళ్లిపోతే అది ఎలా వాడాలో చెప్పేవాళ్లు లేరిక్కడ."

రైలుకు ఇంకా మూడు గంటల టైముంది. సాయిదుర్గ కవరును సంచిలో పెట్టి, సంచిని భుజానికి తగిలించుకునే అతని పక్కన స్టూలు లాక్కుంది. వాడేసిన కాగితం వెనక్కి తిప్పి నాలుగు గడులు గీసింది.

"ముందు అంచులు చూడు," అంది. "ఏ రెండూ ఒకేలా ఉండకూడదు."